జల్లెడలో చిక్కిన పన్ను

శంషాబాద్ చుట్టుపక్కల ఎంత తవ్వినా శిలాజం దొరకదు. విమానాశ్రయం కోసం పగలగొట్టిన గుట్టలైనా, పాల్మాకుల చేలల్లో అడ్డంగా కూర్చున్న గుండ్లైనా అంతా గ్రానైటే. భూమి లోపల మరిగి, నెమ్మదిగా చల్లారి గట్టిపడిన రాయి. అది పుట్టి దాదాపు రెండువందల యాభై కోట్ల ఏళ్లయింది. అప్పటికి ఎముక అనే వస్తువే భూమ్మీద లేదు. ఈ సంగతి తెలిసీ నేను నా ఉద్యోగంలో సగానికి పైగా ఇక్కడే, గగన్‌పహాడ్‌లో ఒక రేకుల షెడ్డులో, శిలాజాలు శుభ్రం చేస్తూ గడిపాను. దీని వెనక శాస్త్రీయ కారణమేమీ లేదు. మా విద్యాసంస్థలో పై అంతస్తు వాళ్లు కిరసనాయిలు వాసన భరించలేమని గొడవ చేస్తే, ఈ షెడ్డు కిరాయికి తీసుకుని మమ్మల్ని ఇక్కడికి తోలారు.

మాకు కావలసిన మట్టి పడమటి నుంచి వచ్చేది. చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు పోతుంటే గుండ్లు తగ్గిపోయి నల్లరేగడి మొదలవుతుంది. దాని కింద నల్లరాయి, ఒకప్పుడు పొర మీద పొరగా పారిన లావా. ఒక లావా వచ్చి చల్లారాక ఇంకోటి రావడానికి వేల ఏళ్లు పట్టేది. ఆ ఖాళీ సమయంలో వానలు పడేవి, రాతి గుంటల్లో నీళ్లు నిలిచేవి, నాచు పట్టేది. నత్తలు, కప్పలు, చేపలు చేరేవి. నీళ్లకు వచ్చే చిన్నా పెద్దా జంతువులు ఒడ్డున తిరిగేవి, అక్కడే చచ్చేవి. తర్వాత మళ్లీ లావా వచ్చి అంతటి మీదా మూత పెట్టేది. రెండు నల్లరాతి పొరల మధ్య నలిగిన ఆ చెరువు అడుగు మట్టితోనే మా పని.

చచ్చినదల్లా శిలాజం కాదు. దాదాపు అన్నీ కుళ్లి, ఎండకు పగిలి, మట్టిలో కలిసిపోతాయి. ఎక్కడో ఒకదాన్ని చచ్చిన కొద్దిరోజుల్లోనే బురద కప్పేస్తుంది. మెత్తని భాగం పోతుంది. మిగిలిన ఎముకలోని సన్నని రంధ్రాల్లోకి భూగర్భ జలం తనలో కరిగిన ఖనిజాలను చేరవేస్తుంది. నత్తలకైతే చాలాసార్లు అసలు గుల్ల కరిగిపోయి, దాని చోట చెకుముకిరాయి లాంటిది వచ్చి కూర్చుంటుంది. ఆకారం నత్తదే, పదార్థం మాత్రం నత్తది కాదు. పన్ను సంగతి వేరు. దాని పైపూత పుట్టుకతోనే ఖనిజం, అందుకని మిగతా దేహమంతా పోయినా అది నిలుస్తుంది. ఆ కాలపు చిన్న జంతువుల గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం పళ్ల పుణ్యమే. దవడ పన్ను మీది గుబ్బలూ గాడులూ చూసి అది పురుగులు తినేదో గింజలు నమిలేదో, ఎవరికి చుట్టమో చెప్పొచ్చు. ఇవన్నీ ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, నేర్చుకునేటప్పుడు నాకు చుక్కలు కనిపించాయి.

మా పక్క షెడ్డు బండలు కోసి నునుపు పెట్టే యార్డు. దాని యజమాని శంషాబాద్ ముస్లిం, మంచి మాటకారి. మేము వచ్చిన కొత్తలోనే ఒక షాబాద్ బండ ముక్క చంకన పెట్టుకుని వచ్చాడు.

"మేడమ్, జర ఇది చూడండి. అసలు చెట్టే రాయిల ఇరికింది. మీ ఆఫీసోళ్లకు జెప్పి దీనికి మంచి ఇజ్జత్ ఇప్పించాలె."

బండ మీద నల్లగా, ముచ్చటగా, ఫెర్న్ మొక్కలాంటి కొమ్మలు పరుచుకుని ఉన్నాయి. అది మొక్క కాదు. రాతి పగులులోకి ఊరిన నీటిలో మాంగనీస్ ఉంటే అది ఇలాగే కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. ఆ మాటే చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"మరి అసలుది ఎట్లుంటది?"

చూపించాను. మట్టిరంగు రవ్వ, ఆవగింజంత కూడా లేదు. నత్త గుల్ల తునక. ఆయన దాన్నీ నన్నూ మార్చిమార్చి చూసి, "దీని కోసం ఇంత పరేషానా?" అన్నాడు. ఆ బండను తన గల్లా వెనక గోడకు పెట్టించుకున్నాడు. వచ్చినవాళ్లకు ఇప్పటికీ చెట్టనే చెబుతాడు. నేను వాదించడం మానేశాను.

ఇక మా పద్ధతి. మట్టిని ఎండలో ఫెళఫెళలాడేలా ఎండబెట్టాలి. కిరసనాయిల్లో నానబెట్టాలి. నూనె వంపేసి నీళ్లు పోస్తే, అంతదాకా రాయిలా ఉన్న గడ్డ చూస్తుండగానే విడిపోయి బురదవుతుంది. ఆ బురదను సన్నని ఇత్తడి జల్లెడలో పోసి నీళ్లతో కడిగితే అడుసు పోయి నలుసులు మిగులుతాయి. వాటిని ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పరిచి, తడిపిన సన్న కుంచెతో ఒక్కొక్క నలుసునూ పక్కకు జరుపుతూ చూడాలి. ఓపిక లేనివాళ్లు మొదటి వారంలోనే పారిపోతారు. నాకు ఓపిక కంటే మొండితనం ఎక్కువ, అందుకే మిగిలాను.

జల్లెడతో ఒక చిక్కుంది. ఎంత తోమినా, ఎంత కడిగినా, ఒక్కోసారి ఒక నలుసు జాలీ కన్నంలో ఇరుక్కుని ఉండిపోతుంది. తర్వాత ఇంకో చోటి మట్టి కడిగేటప్పుడు అది ఊడి అందులో కలుస్తుంది. అప్పుడు లేని చోట లేని జంతువు పుడుతుంది. అందుకని కడిగిన జల్లెడను ప్రతిసారీ మిథిలిన్ బ్లూ అనే రంగు కలిపిన నీళ్లలో ముంచుతాం. అందులో ఏదైనా ఇరుక్కుని ఉంటే దానికి నీలం పడుతుంది. రేపు ఏరేటప్పుడు నీలం నలుసు కనిపిస్తే, అది ఈ మట్టిది కాదు, ముందు నుంచీ ఉన్న దొంగ అని తెలుస్తుంది. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, చాలా చోట్ల చేసేదే. మా షెడ్డులో మాత్రం దీన్ని నేను చట్టం చేశాను. ముంచకుండా జల్లెడ కొక్కేనికి తగిలించినవాళ్ల మీద అరిచేదాన్ని. వెనక నన్ను నీలం మేడమ్ అనేవాళ్లు. ముందు కూడా అన్నారు ఒకరిద్దరు.

ఈ కథ అంతా ఒక అమ్మాయిది. మా దగ్గర పరిశోధన చేస్తుండేది. పాల్మాకులలో ఒక క్రైస్తవ కుటుంబం, కూరగాయలు పండించేవాళ్లు. ఇంట్లో అంత దూరం చదివింది తనొక్కతే. ఊళ్లో చుట్టూ గ్రానైటు, తను చదివేదేమో శిలాజాలు. "మా ఊళ్ల ఉన్నయే గుండ్లు మేడమ్, గవ్విట్ల ఏం లేదంటిరి. ఇగ పడమర దిక్కే మొక్కుకుంట" అనేది. పని తీరు నాకు నచ్చేది. అయితే పైకి ఎప్పుడూ అనలేదు, అంటే చెడిపోతారని నా భయం.

తను పని చేసింది వికారాబాద్ అవతల ఒక రైతు తవ్వించిన బావిలోని మట్టి మీద. ఆ బావి గోడలో మూడు లావా పొరలు, వాటి మధ్య రెండు మట్టి పొరలు కనిపించేవి. కింది మట్టిలో డైనోసార్ గుడ్డు పెంకుల తునకలు ఉన్నాయి. పై మట్టిలో ఒక్కటీ లేదు. పెంకు దొరకనంత మాత్రాన జంతువే లేదనలేం, అందుకని లావా వయసు, అందులో నిలిచిపోయిన అయస్కాంత దిశ, మట్టిలోని పుప్పొడి, ఇవన్నీ చూసి మా సారు ఒక అంచనాకు వచ్చారు. ఆయన ఈ పరిశోధనకు పెద్ద, కోస్తా మనిషి. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లు అంతరించాయి కదా, కింది మట్టి దానికి ముందుది, పై మట్టి దాని తర్వాతది అని ఆయన లెక్క. అంటే పై మట్టిలో పాలిచ్చే జంతువు పన్ను ఒక్కటి దొరికితే చాలు, అంత పెద్ద నాశనం జరిగాక కూడా ఈ నేల మీద అది బతికి ఉందని చెప్పొచ్చు. కింది మట్టిలో అలాంటివి అంతకుముందే కొన్ని దొరికాయి. కావలసింది పైదే.

అమ్మాయి పై మట్టిని ఏరుతూ వచ్చింది. నత్తలు వచ్చాయి, నీటి నాచు గింజలు వచ్చాయి, చేప పళ్లు వచ్చాయి. గడువు దగ్గర పడింది. ఒకరోజు మధ్యాహ్నం, నేను అన్నం తింటుంటే, "మేడమ్" అని పిలిచింది. ఆ పిలుపులోనే తెలిసింది నాకు. చెయ్యి కూడా కడుక్కోకుండా పోయి చూశాను. దవడ పన్ను. ముదురు గోధుమ రంగు, నిగనిగలాడుతోంది, గుబ్బలన్నీ చక్కగా ఉన్నాయి. వేరు విరిగిన చోట లోపల నల్లగా ఉంది.

"మాంగనీసే కద మేడమ్?" అంది.

మాంగనీసే అన్నాను. పాత ఎముకల్లో ఆ నలుపు మాకు రోజూ కనిపించేదే. పక్క యార్డు గోడ మీది చెట్టూ అదే.

ఆ తర్వాత కొన్ని వారాలు మా షెడ్డులో పెళ్లి సందడి. సారు ఫోనులో చిన్నపిల్లాడిలా కేకలేశారు. బయట దేశంలో జరిగే ఒక సభకు వ్యాసం పంపారు, అది ఒప్పుకున్నారు. అమ్మాయి మొదటిసారి విమానం ఎక్కబోతోంది, అదీ రోజూ తల మీద నుంచి పోయే విమానం. వాళ్ల చర్చిలో అమ్మ ప్రార్థన చెప్పించింది. బండల యార్డాయన స్వీట్లు తెచ్చి, "గంత చిన్న పన్నుకు ఇంత పెద్ద దావతా" అని ఆటపట్టించాడు. ఇక మిగిలింది ఒక్కటే, పన్నుకు బొమ్మలు తీయించడం. అది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పని. దానికి ముందు పన్ను మీద పలచగా బంగారు పూత పూస్తారు, ఆ వచ్చే బొమ్మ కూడా నలుపు తెలుపుల్లోనే ఉంటుంది.

పూతకు పంపే ముందు రోజు వాళ్ల అమ్మ షెడ్డుకు వచ్చింది. ఆటోలో దిగి, చేతిలో టిఫిన్ డబ్బాతో, ఆ పన్నేదో తనూ చూస్తానంది. మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టాం. ఒక కన్ను మూస్తే రెండోదీ మూసుకుపోతోంది. కనురెప్పల వెంట్రుకలు తప్ప ఏమీ కనపడలేదు.

"నాకేం గానొస్తలేదు బిడ్డా. జర ఎలుగుల సూపియ్యరాదు."

అమ్మాయి నవ్వుతూ పన్నును చిన్న గాజు పళ్లెంలో పెట్టుకుని, భూతద్దం తీసుకుని, తల్లిని షట్టరు దగ్గరికి తీసుకుపోయింది. బయట ఎండ మండిపోతోంది. నేను లోపలే ఉన్నాను. వాళ్ల మాటలు వినపడుతున్నాయి.

"ఇంత సిన్నదా! ముద్దుగున్నది. ఇగ అయిపోయినట్టేనా నీ సదువు?"

తల్లి మళ్లీ అడిగింది. అప్పుడు అమ్మాయి గొంతు, చాలా మామూలుగా, "మేడమ్, జర బయటికి రారాదు" అంది.

వెళ్లాను. భూతద్దం నా చేతికిచ్చింది. ఎండలో పన్ను పైభాగం గోధుమ రంగే. వేరు విరిగిన గుంటలో మాత్రం నలుపు లేదు. నీలం ఉంది. ఇంకు సీసా మూతకు అంటిన మరకలాంటి నీలం.

ఏం జరిగిందో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మైక్రోస్కోపు దగ్గరి తెల్లదీపం అంతకుముందెప్పుడో మాడిపోయింది. కొత్తది వచ్చేదాకా ఉండనీ అని ఒక పసుపు బల్బు పెట్టుకున్నాం. పసుపు వెలుగులో నీలం నల్లగా కనిపిస్తుంది. నల్లగా కనిపిస్తే మాంగనీస్ అనుకోవడం మా వృత్తిలో అలవాటు. పంటి పైపూత గట్టిది, దానికి రంగు పట్టదు. విరిగిన వేరు గుల్లగా ఉంటుంది, అక్కడ పట్టింది. పై మట్టికి ముందు ఆ జల్లెడలో కడిగింది కింది మట్టి.

ఆ నీలం వల్ల నాకు కలిగిన బాధ ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంకెప్పుడూ కలగలేదు. నా చట్టమే, నా నీళ్లే. రేపు బంగారు పూత పడితే ఆ రంగు ఇంకెవరికీ కనపడదు. ఈ ఆలోచన నాకు వచ్చింది. తనకూ వచ్చే ఉంటుంది, తెలివైన పిల్ల. తల్లి మా ఇద్దరి ముఖాలూ చూసి, "ఏమైందే?" అంది.

"ఏం గాలేదమ్మా. ఇది గా మట్టిది కాదు."

"మరి యాడిది?"

"తెల్వది."

తల్లి డబ్బా విప్పి ఇద్దరికీ అన్నం పెట్టింది. తిన్నాం. కాకరకాయ కూర.

సారు ఆ రోజు ఢిల్లీ నుంచి వస్తున్నారు. అమ్మాయి ఫోను చేసి, ఇంటికి పోయే దారిలో ఒకసారి షెడ్డుకు రమ్మంది. విమానం దిగి సూట్‌కేసుతో సహా నేరుగా వచ్చారు. ఎండలో చూపించింది. ఆయన చాలాసేపు చూశారు.

"ఏమ్మా, కుంచెకి గానీ ఉందేమో నీలం?"

"కుంచె ఆ నీళ్ల దిక్కే పోదు సార్. ఏరేది వేరే బల్ల."

"పై మట్టి కడిగాక జల్లెడ ముంచారు కదా, అప్పుడు పట్టిందేమో?"

"అప్పటికి నలుసులు ఎండుతున్నయి సార్. పన్ను అందుల ఉన్నది, జల్లెడల లేదు."

"పోనీ, కింది మట్టిదే అని రాద్దామా?"

ఈ ప్రశ్నకు అమ్మాయి నా వైపు చూసింది. నేను చెప్పాల్సి వచ్చింది. ఆ జల్లెడ చాలా మట్టి చూసింది. కింది మట్టిదే అయ్యే అవకాశం ఎక్కువ. కానీ ఎన్ని మునకల కిందట ఇరుక్కుందో నీలం చెప్పదు, ఎన్నిసార్లు ముంచినా రంగు ఒకటే. పన్ను నిజమైనదే, పాతదే, అందులో అనుమానం లేదు. ఏ పొరదో తెలియని పన్ను మాత్రం, అప్పుడు అలాంటి జంతువు ఉండేదని చెబుతుంది గానీ, ఎప్పుడు అంటే నోరు విప్పదు. మాకు కావలసింది ఆ ఎప్పుడే.

సారు సూట్‌కేసు మీద కూర్చుండిపోయారు. పెద్దాయనకూ అది చిన్న దెబ్బ కాదు. కాసేపటికి లేచి, "సభవాళ్లకి నేను రాస్తానులే. వ్యాసం వెనక్కి తీసుకుందాం" అన్నారు. అమ్మాయి తల ఊపింది. ఆయన వెళ్లాక షెడ్డు వెనక్కి పోయి ఏడ్చింది. నేను వెళ్లలేదు. ఓదార్చడం నాకు చేతకాదు, ఏదైనా అంటే తప్పుగానే అంటాను.

పై మట్టి ఒక బస్తా మిగిలి ఉంది. బావి దగ్గరికి పోయి ఇంకా తెచ్చుకుందామంటే, ఆ రైతు అప్పటికే గోడ కట్టించేశాడు, నీళ్లూ నిండాయి. ఆయన బావి తవ్వింది మా కోసం కాదు కదా. ఆ ఒక్క బస్తానే అమ్మాయి కొత్త జల్లెడతో, కొత్త తెల్లదీపం కింద ఏరింది. ఆ దీపం నేను నా డబ్బుతో కొనుక్కొచ్చాను. రోజూ పొద్దున వచ్చి కూర్చునేది. నత్తలు, నాచు గింజలు, చేప పళ్లు. నత్తల్లో కొన్ని రకాలు కింది మట్టిలో ఉన్నవే, పై మట్టిలోనూ ఉన్నాయని తేలింది. చెరువులో బతికే నత్తలు ఆ గండం గట్టెక్కాయని చెప్పడానికి అది చాలు. సిద్ధాంత గ్రంథం వాటి మీదే రాసింది. పట్టా వచ్చింది. విమానం మాత్రం ఎక్కలేదు.

బస్తాలో చివరి దోసెడు మట్టి కడిగిన రోజు నాకు బాగా గుర్తు. ఆ జల్లెడ ఆ మట్టి కోసమే కొన్నది. ఆ మట్టి అయిపోయింది, బావి మూతపడింది. ఇక ఆ పొరది ఇంకో గుప్పెడు కూడా రాదు. జల్లెడను తోమి, కడిగి, ఊరికే కొక్కేనికి తగిలించినా ఆ రోజు నేను అరిచేదాన్ని కాదు. అమ్మాయి నీలం నీళ్ల తొట్టి ముందుకు లాక్కుంది. జల్లెడను అందులో ముంచి, అటూ ఇటూ తిప్పి, ఎత్తి పట్టుకుంది. చేతులు మోచేతుల దాకా నీలం అయ్యాయి.

"ఆ పొర అయిపోయింది కదా, ఇంకెందుకు?" అన్నాను.

"తర్వాత వచ్చేటోళ్లకు మేడమ్" అంది.

పన్ను ఇంకా మా దగ్గరే ఉంది, చిన్న డబ్బీలో, దూది మీద. పైన చీటీ అంటించింది తనే. పన్ను రకం రాసింది, కడిగిన జల్లెడ ఏదో రాసింది. పొర అన్న చోట మాత్రం "తెలియదు" అని రాసి, దాని కింద తన సంతకం పెట్టింది.